రొయ్యల్లో దెబ్బ తిన్నాక రెండో వ్యాపారం ఏది పెట్టాలి?

ప్రశ్న: "వెనామీలో రెండు పంటలు పోయాయి. అప్పులు తీర్చాక చేతిలో లక్షన్నర మిగిలింది. ఈసారి తక్కువ రిస్కుతో చిన్నగా ఏదైనా చేద్దామనుకుంటున్నా. మా బావ అరెకరం చెరువు కౌలుకి పట్టి పీతలు వెయ్యమంటున్నాడు. ఒక వ్యాపారంలో రిస్కు తక్కువని ముందే ఎలా తెలుస్తుంది? మాది భీమవరం దగ్గర పల్లెటూరు."

జవాబు:

మాది ఆకివీడు వైపండి. నేనూ రెండెకరాలు కౌలుకి పట్టి వెనామీ వేసినవాణ్ణే. ఇప్పుడు చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు రిపేరు చేస్తున్నాను. పీతల సంగతి చివర్లో చెబుతా. ముందు నా పాత చెరువు లెక్క చూడండి. రెండో పని ఏరుకున్నది ఆ లెక్క పట్టుకునే.

రొయ్య పిల్ల వదలకముందే కౌలు 1,60,000 కట్టాను. పాత ఏరియేటర్లు నాలుగు, కేబులు, స్టార్టరు కలిపి 1,20,000 అయింది. సున్నానికి, బ్లీచింగుకి ఓ 30,000. రెండు లక్షల పిల్లకి 80,000. అంటే ఒక్క గ్రాము రొయ్య పెరగకుండానే దగ్గర దగ్గర నాలుగు లక్షలు నీళ్లలో ఉన్నాయి. ఆ పైన మేత, కరెంటు, డీజిలు, మందులు, కాపలా మనిషి జీతం కలిపి ఇంకో మూడున్నర లక్షలు. పట్టుబడికి వచ్చింది లక్షా పాతిక వేలు.

మాకొచ్చింది తెల్లమచ్చ జబ్బు కాదు. అదొస్తే రొయ్యలు గట్టువారకి చేరి రోజుల్లోనే చావడం మొదలుపెడతాయి, ఉన్నకాడికి పట్టి అమ్మేస్తారు. నష్టమే గానీ ఆ రోజుతో మేత బస్తా కోయడం ఆగుతుంది. మాకొచ్చింది ఈహెచ్‌పీ. దాంతో రొయ్య చావదు, ఎదగదు. చెక్ ట్రేలో మేత ఖాళీ అవుతూనే ఉంటుంది కాబట్టి బాగానే తింటున్నాయని ఇంకా వేస్తాం. విసురువల వేసి చూస్తే ఒకే వలలో వేలంత రొయ్యా, అందులో సగం లేని రొయ్యా కలిసి వస్తాయి. కొన్నిటికి పేగు తెల్లగా కనపడుతుంది, నీటి మీద తెల్లటి రెట్ట పోగులు తేలుతుంటాయి. కిలోకి వంద కన్నా తక్కువ తూగాల్సిన టైముకి మావి 140 కౌంటు దగ్గరే ఆగాయి. కిలోకి 140 రొయ్యలంటే కొనేవాడు మొహం కూడా చూడడు. ఆ జబ్బు బీజాలు పాత పంట నుంచి బురదలో ఉండిపోతాయి. కౌలుకిచ్చే ఆయన ఆ సంగతి మనకెందుకు చెబుతాడు?

ఆ మేత కూడా డీలరు దగ్గర అరువే. రొక్కానికి ఒక రేటు, అరువుకి ఒక రేటు అని మీకూ తెలిసే ఉంటుంది. సరుకు ఆయన చెప్పినవాడికే ఇవ్వాలన్న మాట ఒకటి పైన. రేటు దగ్గర నోరెత్తే వీలు కూడా పోయిందన్నమాట.

కాబట్టి నేను ఆ పంట నుంచి తీసుకున్నది 'రొయ్యలు రిస్కు' అని కాదు. రొయ్యల్లో బాగుపడ్డవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. నేను చూసింది వేరే. ఫలితం తెలియడానికి నాలుగు నెలలు పడుతుంది, ఖర్చులో సగం మొదటి రోజుకే అయిపోతుంది, మధ్యలో ఆపేద్దామంటే ఆపడానికి ఒక గుర్తంటూ ఉండదు. నా డబ్బు చేయి దాటాక మళ్లీ ఎన్నాళ్లకి తిరిగి వస్తుంది, ఈలోగా ఎవరి చేతిలో ఉంటుంది అన్నదే అసలు రిస్కు. లాభం ఎంత అన్నది దాని తరవాతే.

ఈ కొలతతో చూస్తే చిన్నవిగా కనపడే పనులు కూడా కొన్ని పెద్దవే. మా తోడల్లుడిది కోనసీమ, అంబాజీపేట కొబ్బరి వ్యాపారంలో చేరమన్నాడు. కాయకి పురుగు పట్టదు, తెల్లారేసరికి చావదు, నిజమే. కానీ రైతుకి అడ్వాన్సు ముందు ఇవ్వాలి, లోడు ఉత్తరాదికి వెళ్లాక డబ్బు వారాల తరవాత వస్తుంది. ఒక్క పార్టీ మొండికేస్తే నా మొత్తం పెట్టుబడి ఒక లారీలో ఉన్నట్టే. వద్దన్నాను.

ఏరియేటర్ల పని ఎలా తగిలిందంటే, పంట పోయాక ఆ నాలుగింటినీ అమ్ముదామని బయటికి తీయించాను. రెండు తిరగడం లేదు. గేర్ బాక్స్ విప్పితే ఆయిలు పాలలా తెల్లగా ఉంది. ఆయిల్ సీలు అరిగితే ఉప్పునీరు లోపలికి దిగి ఆయిలుతో కలిసి అలా అవుతుంది, ఆ పైన బేరింగులు తుప్పు పట్టి బిగుసుకుంటాయి. సీళ్లు, బేరింగులు, కొత్త ఆయిలు కలిపి ఒక్కోదానికి వెయ్యి లోపే అయింది. రెండూ తిరిగాయి. ఊళ్లో గట్టుకొకటి చొప్పున ఇలాంటివి ఆగిపోయి ఉంటే, బాగు చేయించడానికి పట్నం మోసుకెళ్తున్నారు.

అయినా వెంటనే షాపు తెరవలేదు. మోటార్లకి రాగి తీగ చుట్టే ఒక వైండింగ్ షాపులో సాయంత్రాలు కూర్చుని పని చూశాను. తరవాత ఇంటి వసారాలోనే మొదలుపెట్టాను. బేరింగు పుల్లరు, స్పానర్లు, క్లాంప్ మీటరు, మెగ్గరు కలిపి పాతిక వేలు. సీళ్లు, బేరింగులు ఓ పదిహేను వేలవి, అమ్ముడవకపోతే వెనక్కి తీసుకునే ఒప్పందం మీద తెచ్చాను. వైండింగు మాత్రం చేయను. అందులోనే మిగులు ఎక్కువన్న మాట నిజమే, కానీ రాగి తీగ సైజులవారీగా నిలవ పెట్టాలంటే లక్ష చాలదు. కాలిన మోటార్లు పట్నంలో నేను నేర్చుకున్న షాపుకే పంపుతాను, ఆయన నాకు కొంత ఇస్తాడు. అంటే నా వాటా చిన్నది, నా మదుపు ఇంకా చిన్నది. నలభై వేలు పోతే పోయాయి, దీపావళిలోగా, పిలవకుండానే రెండోసారి వచ్చేవాళ్లు కనపడకపోతే పుల్లరు అమ్మేసి జీతానికి పోదామని ఇంట్లో ముందే చెప్పేశాను. ఆ మాట చెప్పాక మా ఆవిడ గొడవ మానేసింది, అది వేరే విషయం.

ఇక్కడ అసలు చిక్కు ఉద్దెర. చెరువులవాళ్లందరూ పంటకి పంటే డబ్బు చూస్తారు, 'పట్టుబడి కాగానే ఇస్తా' అంటారు. ఒప్పుకుంటే వాళ్ల చెరువు రిస్కు నా వసారాలోకి వచ్చేసినట్టే, వాళ్ల పంట పోతే నా డబ్బూ పోతుంది. అందుకని సామాన్ల డబ్బు ముందు, కూలి బండి ఎక్కించేటప్పుడు. డబ్బు రానిదే మిషను కదలదు. మొదట్లో ఇద్దరు ముగ్గురు చుట్టాలు మాట్లాడటం మానేశారు. కానీ తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయే టైములో ఏరియేటరు లేకపోతే వాళ్ల గతేంటి? దానికని నా నాలుగింటిలో రెండు అమ్మి రెండు ఉంచుకున్నాను. రిపేరు అయ్యేదాకా డిపాజిట్ తీసుకుని అద్దెకిస్తాను. దాంతో వాళ్లకి కంగారు లేదు, నాకు తొందర లేదు.

ఇంకో రకం నష్టం పని మొదలెట్టాకే తెలిసింది. బాగు చేసిచ్చిన మోటారు మూడు వారాల్లో కాలి తిరిగొచ్చింది, 'నువ్వు సరిగా చెయ్యలేదు' అన్నారు. మూత విప్పి వాళ్ల ఎదుటే చూపించాను. స్టార్ కనెక్షన్ మోటారులో రెండు ఫేజుల కాయిళ్లు బొగ్గయి, మూడోది కొత్తదానిలా నిగనిగలాడుతోంటే లైన్లో ఒక ఫేజు పోయి మోటారు రెండింటి మీద గింజుకుందని అర్థం. మోయలేని బరువుతో కాలితే మూడూ ఒకేలా నల్లబడతాయి. అప్పటినుంచి స్టార్టర్లో, ఒక ఫేజు పోతే మోటారుని ఆపేసే సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ లేనివాళ్లకి గ్యారంటీ లేదని ముందే చెప్పి చీటీ మీద రాస్తున్నాను.

ఇది కూడా రొయ్యల మీద ఆధారపడ్డ పనే కదా అంటారేమో. అవునండి. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి పెంచినప్పుడు ఇక్కడ రేట్లు పడి చాలామంది పిల్ల వదలడం వాయిదా వేశారు. నాకూ పని సగానికి తగ్గింది. కానీ ఎవరి దగ్గరా బాకీ లేదు, కట్టాల్సిన అద్దె లేదు. ఆదాయం తగ్గిందే గానీ ఉన్నది పోలేదు. పెద్దగా సంపాదించడానికి ఇది పనికిరాదు, అది కూడా ఒప్పుకోవాలి. మంచి నెలలో ఓ ప్రైవేటు జీతమంత మిగులుతుంది.

ఇక మీ పీతలు. మీ బావ చెప్పినట్టు అరెకరంలో పీత పిల్ల వేసి పెంచితే మళ్లీ అదే కథ. కౌలు ముందే కట్టాలి, చుట్టూ వల కంచె వెయ్యాలి, అయిదారు నెలలు ఆగాలి. పీత పొర వదిలినప్పుడు మెత్తగా ఉంటుంది, పక్కది దాన్ని తినేస్తుంది, చెరువు అడుగున ఎన్ని మిగిలాయో పట్టేదాకా తెలీదు. మేత ఖర్చవుతూ ఉంటుంది, లెక్క మాత్రం అందదు. మీరు వెనామీలో చూసింది ఇదే.

పీతల్లోనే ఇంకో దారి ఉంది. పొర వదిలి లోపల మాంసం పట్టని పెద్ద పీతలు సగం ధరకో ఇంకా తక్కువకో దొరుకుతాయి. వాటిని విడివిడి పెట్టెల్లో ఉంచి చిల్లర చేప మేపితే మూడు నాలుగు వారాల్లో గుల్ల గట్టిపడి లోపల నిండుతుంది. గుల్లని వేళ్లతో నొక్కితే లోపలికి పోకూడదు, అప్పుడే పూర్తి ధర. ఒక్కో గదికి ఒక్కో పీత కాబట్టి ఒకదాన్నొకటి తినవు, ఏది చచ్చిందో రోజూ కనపడుతుంది, పెట్టుబడి నెలలో తిరుగుతుంది. దీనికి మీ లక్షన్నరలో పాతిక ముప్పై వేలు దాటక్కర్లేదు. నీళ్లకి చెరువు కౌలు అక్కర్లేదు, తెలిసినవాళ్ల చెరువులో ఓ మూల పెట్టెలు దింపుకోనిస్తే చాలు.

కానీ రెండు సంగతులు ముందు తేల్చుకోండి. మెత్తటి పీతలు మీకు వారంవారం ఎవరు తెస్తారు? సరుకు దొరక్క ఖాళీ పెట్టెలతో మానేసినవాళ్లు ఉన్నారు. నర్సాపురం వైపు పీతలు పట్టేవాళ్లతో కూర్చుని మాట్లాడండి, కొనుగోలు కేంద్రంలో ఓ పొద్దు నిలబడి మెత్తవని పక్కన పడేసేవి ఎన్నో చూడండి. రెండోది, ఆ సెంటరు ఆయనే మీకు పీతలిచ్చి, మీ దగ్గర తిరిగి తీసుకుంటానంటే ఒప్పుకోకండి. నిండిందా లేదా అని నొక్కి చూసే వేలు ఆయనదే, ధర చెప్పే నోరూ ఆయనదే అవుతుంది.

ఈ రెండూ కుదిరితే ఇరవై పెట్టెలతో ఒక్క విడత చేసి చూడండి. కొన్న బరువు, అమ్మిన బరువు, చచ్చినవి రాసుకుని ఇక్కడే పెట్టండి, చూసి చెబుతాను. మీ పాత ఏరియేటర్లు ఏమైనా ఉంటే మాత్రం అప్పటిదాకా అమ్మకండి.