పదేళ్ల పిల్లాడికి పాకెట్ మనీ: ఎంత ఇవ్వాలి, ఎక్కడ చెడుతుంది

ప్రశ్న: మా బాబుకి పదేళ్లు, పాపకి ఆరేళ్లు. బాబుకి ప్రతి ఆదివారం వంద ఇస్తున్నాం, సాయంత్రానికల్లా ఖాళీ చేసేస్తాడు. దాచుకోమంటే వినడు. పాపకి కూడా ఇప్పుడే మొదలుపెట్టాలా? ఎంత ఇవ్వాలి?

జవాబు:

వంద రూపాయలు ఒక్క సాయంత్రంలో అయిపోతున్నాయంటే ముందు చూడాల్సింది బాబుని కాదు, ఇంట్లో పెద్దవాళ్లని. అయిపోయినా మళ్లీ దొరుకుతుందని పిల్లాడికి తెలుసు. బుధవారం బజారుకి వెళ్తే మీరే చిప్స్ కొనిపెడతారు, శుక్రవారం తాతయ్య చాటుగా యాభై చేతిలో పెడతారు. ఇక వాడు ఎందుకు దాచుకోవాలి?

ఇంకో కారణం దీనికంటే పెద్దది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. దాచిన డబ్బు పోతుందని కూడా పిల్లలకి తెలుసు. సంక్రాంతికి అమ్మమ్మ ఇచ్చిన ఐదొందలు, పెళ్లిలో పెదనాన్న ఇచ్చిన రెండొందలు "ఇటివ్వు, నేను దాస్తా" అని తీసుకుంటాం. చిల్లర లేదని పాలవాడికి కిడ్డీ బ్యాంకులోంచి తీసిస్తాం, తిరిగి వెయ్యం. నాలుగుసార్లు ఇలా జరిగాక, చేతిలో ఉన్నప్పుడే ఖర్చుపెట్టుకోవడం మేలని ఏ పిల్లాడికైనా అర్థమవుతుంది. కాబట్టి మీ ఇంట్లో పిల్లల డబ్బు ఎవరైనా వాడుకుని ఉంటే ముందు అది లెక్కగట్టి, వాళ్ల ఎదురుగా డబ్బాలో తిరిగి వెయ్యండి. ఆ తర్వాతే మిగతావి.

ఎంత ఇవ్వాలన్నది పక్కింటివాళ్లని చూసి కాదు, మీ ఇంటి ఖర్చు రాసి తేల్చుకోవాలి. రెండు వారాల పాటు బాబు కోసం అయిన ప్రతి చిన్న ఖర్చూ ఒక కాగితం మీద రాయండి. అందులో పెన్సిళ్లు, నోటు పుస్తకాలు, ఆటో డబ్బులు, ఇంట్లో తినే టిఫిను మీ బాధ్యత, వాటిని కొట్టేయండి. చిప్స్, ఐస్‌క్రీమ్, స్టిక్కర్లు, క్రికెట్ కార్డుల్లాంటివి మాత్రం మిగల్చండి. అవి రెండు వారాలకి 120 అయ్యాయనుకుందాం, అంటే వారానికి 60. దాని మీద దాచుకోవడానికి 40 కలిపితే వంద. మీరిస్తున్న మొత్తం సరిపోతుందనే అనిపిస్తోంది. లేనిదల్లా ఒప్పందం. ఈ జాబితాలోవి ఇక మీరు కొనరు, వాడే కొనుక్కోవాలి. ఆ మాట వాడి ముందే రాసి ఫ్రిజ్ మీద అంటించండి. వందా ఇస్తూ, అడిగినప్పుడల్లా చిప్స్ కూడా మీరే కొంటే అది పాకెట్ మనీ కాదు, అదనపు చిరుతిండి డబ్బు.

పాపకి ఆరేళ్లకే మొదలుపెట్టొచ్చు, కానీ నోటు ఇవ్వకండి. వారానికి 20 రూపాయలు, అదీ ఐదు రూపాయల బిళ్లలు నాలుగు, ప్రతి వారం ఒకే రోజున. ఆ వయసులో రూపాయి బిళ్లలు ఐదు ఉంటే, ఒక్క పది రూపాయల బిళ్ల కన్నా ఎక్కువని అనిపిస్తుంది. నవ్వకండి, చిన్న బిళ్లలిచ్చి పెద్ద బిళ్ల తీసుకునే మార్పిడి ఆట ఆడించండి. దాచుకోవడానికి మట్టి హుండీ వద్దు. లోపల ఎంత ఉందో కనపడదు, పగలగొడితే తప్ప తీయలేరు. ఖాళీ అయిన గాజు ఊరగాయ సీసా బాగుంటుంది, బిళ్లలు పైకి రావడం రోజూ కంటికి కనిపిస్తుంది. పాప కోరిక రెండు మూడు వారాల్లో తీరేదిగా ఉండాలి, 40-50 రూపాయల రంగు పెన్నుల్లాంటిది. ఆరేళ్ల పిల్లకి నెల అంటే చాలా దూరం.

పది రూపాయల బిళ్లల గురించి ఒక మాట. మన ఊళ్లలో చాలా కొట్లలో ఇవి చెల్లవని తిప్పి పంపేస్తారు. పాప దాచిన బిళ్లలతో ఎంతో ఇష్టంగా కొట్టుకి వెళ్లి, కొనలేక వెనక్కి వస్తే మనసు కష్టపడుతుంది. 14 డిజైన్ల పది రూపాయల నాణేలూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018లోనే చెప్పింది. అయినా ఈ పుకారు పోలేదు. కొట్టువాడితో పిల్లలు వాదించలేరు కాబట్టి, మీరే ఆ బిళ్లలు తీసుకుని వేరే చిల్లర ఇవ్వండి.

ఇక బాబు సంగతి. "దాచుకో" అంటే పదేళ్ల పిల్లాడికి ఏమీ అర్థం కాదు, దేనికోసమో చెప్పాలి. 900 రూపాయల కశ్మీర్ విల్లో బ్యాటు కావాలన్నాడనుకుందాం. మొదటివారం ఉత్సాహంగా వందా డబ్బాలో వేస్తాడు, రెండోవారం కూడా. మూడోవారం స్నేహితులంతా ఐస్‌క్రీమ్ తింటుంటే నిలబడి చూడాల్సి వస్తుంది, ఆ రోజు డబ్బా తెరిచి 150 తీసేస్తాడు. ఇది మనసు గట్టిగా లేకపోవడం కాదు. ఖర్చుకి ఒక్క రూపాయి కూడా ఉంచుకోకపోతే ఎవరూ తొమ్మిది వారాలు ఆగలేరు.

అందుకే ఆదివారం డబ్బులు చేతికి రాగానే 40 డబ్బాలోకి, 60 జేబులోకి. వారం చివర మిగిలింది దాచుకుందాం అనుకుంటే ఏమీ మిగలదు. అయితే వారానికి 40 చొప్పున 900 కావాలంటే 23 వారాలు, అంటే ఐదు నెలలు దాటుతుంది. పదేళ్ల పిల్లాడు ఆగగలిగేది దాదాపు రెండు నెలలు. ఇక్కడ మీరు చెయ్యి కలపాలి. వాడు దాచే ప్రతి 40కి మీరు 40 కలుపుతానని మాటివ్వండి. పండక్కి వచ్చిన 200 కూడా డబ్బాలో ఉందనుకోండి. ఇంకా కావాల్సింది 700. వారానికి 80 చొప్పున తొమ్మిది వారాల్లో 720 అవుతుంది, బ్యాటు వచ్చేస్తుంది, 20 మిగులుతుంది.

ఈ లెక్కలో ఒక మెలిక ఉంది, అదే ముఖ్యం. మీ వాటా వారం వారం డబ్బాలో వెయ్యకండి. వేస్తే మధ్యలో తీసేటప్పుడు మీ డబ్బు కూడా పోతుంది. ఒక కాగితం మీద తొమ్మిది గళ్లు గీసి, వాడు 40 వేసిన ప్రతిసారీ ఒక గడి నింపించి, పక్కన మీ 40 అని రాయండి. డబ్బు మాత్రం బ్యాటు కొనే రోజునే ఇవ్వండి. మధ్యలో 40 తీసుకుంటే ఒక గడి చెరిపేస్తాడు, దాంతో పాటు మీ 40 కూడా పోతుంది. తిట్టక్కర్లేదు. 40 రూపాయల ఐస్‌క్రీమ్ తనకి 80 పడిందని వాడికే కనిపిస్తుంది.

తర్వాత వచ్చే చిక్కు అడ్వాన్సు. "వచ్చే వారందీ ఇప్పుడే ఇవ్వు నాన్నా" అని గురువారం అడుగుతాడు. ఇవ్వకండి. ఒకసారి ఇస్తే వచ్చే ఆదివారం చేతిలో ఏమీ ఉండదు, మళ్లీ గురువారం అడుగుతాడు, నెలలోగా లెక్క ఎవరికీ తెలియకుండా పోతుంది. ఆదివారం కాక మధ్యలో ఎన్నిసార్లు అడుగుతున్నాడో గమనించండి. మొదట్లో రెండు మూడు సార్లు మామూలే. ఆరో వారానికి కూడా తగ్గకపోతే ఎవరో చాటుగా ఇస్తున్నారనే అర్థం. తాతయ్యని ఆపలేం, ఆపక్కర్లేదు కూడా. ఆయన ఇచ్చినదాంట్లో సగం డబ్బాలోకి వెళ్లాలని ఆయన ముందే ఒప్పందం చేసుకోండి.

మార్కులకి డబ్బులు కట్టే పద్ధతి నాకు అసలు నచ్చదు. తొంభై దాటితే రెండొందలు అంటే, తొంభై రాని లెక్కల పేపరు ఇంటికి రాకుండా ఆగిపోతుంది. ఇంటిపనికి కూడా అంతే. తిన్న కంచం తీసినందుకు ఐదు ఇస్తే, మంచినీళ్లు తెమ్మన్నప్పుడు ఎంతిస్తావని అడుగుతాడు. బయటివాళ్లకి డబ్బిచ్చి చేయించే పనులు మాత్రం వేరు. బండి కడగడం, పాత పేపర్లు కట్టలు కట్టి అమ్మడం లాంటివి. పేపర్లు అమ్మినప్పుడు కాటా దగ్గర వాడినే నిలబెట్టండి. కిలో ధర అడగడం, బరువు చూడటం, గుణించి డబ్బు తీసుకోవడం అన్నీ వాడే చెయ్యాలి.

ఖర్చు చెయ్యడం కూడా నేర్పాల్సిందే. ప్యాకెట్ సరుకుల మీద గ్రాముకో, కిలోకో ఎంత పడుతుందో కూడా ముద్రించాలనే నిబంధన ఉంది, ధర పక్కన చిన్న అక్షరాల్లో ఉంటుంది. కొట్లో రెండు ప్యాకెట్లు చేతికిచ్చి ఏది చవకో చెప్పమనండి. సాధారణంగా పెద్దదే చవక పడుతుంది. అప్పుడు రెండో ప్రశ్న అడగండి: పెద్దది కొంటే నాలుగు రోజులు తింటావా, ఈ రోజే అయిపోతుందా? ఈ రోజే అయిపోతే చిన్నదే చవక.

పదేళ్లు నిండాయి కాబట్టి బ్యాంకు ఖాతా కూడా వాడి పేరు మీదే తెరవొచ్చు. పదేళ్లు దాటిన పిల్లలు సేవింగ్స్ ఖాతా స్వయంగా నడుపుకోవచ్చని రిజర్వు బ్యాంకు నిబంధన, 2025 ఏప్రిల్‌లో దాన్ని మళ్లీ స్పష్టం చేసింది. ఎంతవరకు అనే పరిమితి బ్యాంకు పెట్టుకుంటుంది. పోస్టాఫీసులో కూడా పదేళ్లు దాటితే సొంతంగా తెరవొచ్చు, కనీసం 500 ఉంచాలి. అయితే బ్యాటు డబ్బు బ్యాంకులో వెయ్యకండి, అది కళ్లెదురుగా డబ్బాలోనే ఉండాలి. పండగ డబ్బులు, ఏడాది తర్వాత కావాల్సిన సైకిలు డబ్బులు బ్యాంకుకి. డబ్బు వేసే చీటీ వాడితోనే నింపించండి. ఏటీఎం కార్డు ఇప్పుడే వద్దు.

పదమూడు పద్నాలుగేళ్లకి వారం నుంచి పదిహేను రోజులకి, ఆ తర్వాత నెలకి మార్చండి. ఒకేసారి నెలకి మారిస్తే పదో తారీఖుకే అయిపోతుంది. మొబైల్ రీఛార్జి, స్నేహితుల పుట్టినరోజు కానుకలు కూడా అప్పుడు వాళ్ల జాబితాలోకి మార్చి, ఆ మేరకు డబ్బు పెంచండి. ఫోన్‌తో చెల్లించే వయసు వచ్చాక మీ యూపీఐ పిన్ చెప్పకండి. మీ ఖాతాలోంచే ఇంట్లో ఇంకొకరు తమ ఫోన్‌తో చెల్లించే వీలిచ్చే యూపీఐ సర్కిల్‌లో పిల్లలని చేర్చుకోవచ్చు. అందులో ప్రతి చెల్లింపుకీ మీరు ఒప్పుకోవాల్సిన పద్ధతి ఒకటి, నెలకి పరిమితి పెట్టి వదిలేసే పద్ధతి ఒకటి. మొదటిదాంతో మొదలుపెట్టండి. చేతిలోంచి నోటు వెళ్లడం కనపడదు కాబట్టి, నెలాఖరున ఫోన్లోని లెక్క తీసి పుస్తకంలో రాయించండి.

ఇంత చేసినా బాబు ఆ 60 కూడా ఆదివారమే ఖర్చు చేసేస్తే నాలుగు వారాలు అలాగే వదిలెయ్యండి, సోమవారం నుంచి శనివారం దాకా ఖాళీ జేబుతో ఉండనివ్వండి. ఐదో వారం కూడా మారకపోతే మొత్తం తగ్గించకండి. ఆదివారం డబ్బాలోకి 40, చేతికి 30 ఇచ్చి, మిగతా 30 బుధవారం ఇవ్వండి. అది నిలబడ్డాక మళ్లీ వారానికి మార్చండి.