ఫైనల్ రౌండ్ అయ్యాక హెచ్ఆర్ మౌనం: నాలుగు వాక్యాల మెయిల్

‘మాది గుంటూరు బ్రాడీపేట. హైదరాబాద్ కంపెనీలో జూనియర్ టెస్టర్ ఉద్యోగానికి జులై 3న ఫైనల్ రౌండ్ అయింది. వారంలో చెప్తామన్న హెచ్ఆర్ మేడమ్ నుంచి ఇవాళ 28 వచ్చినా ఉలుకూ పలుకూ లేదు. విజయవాడలో ఓ చిన్న కంపెనీ ఆఫర్ ఇచ్చి, ఆగస్టు 5లోగా చెప్పమంది. మెయిల్ రాసి పెట్టుకున్నాను, పంపితే వెంటపడుతున్నట్టు ఉంటుందేమోనని భయం.’

పంపండమ్మా, కానీ మీరు జతచేసిన చిత్తుప్రతి మాత్రం కాదు. అందులో పద్నాలుగు వాక్యాలున్నాయి. ‘దయచేసి నా పరిస్థితి అర్థం చేసుకోండి’ అని రెండుసార్లు రాశారు. అసలు ప్రశ్న పన్నెండో వాక్యంలో ఉంది, అదీ ‘నా రిజల్ట్ ఏమైంది?’ అని.

చాలాసార్లు ఆ ప్రశ్నకి హెచ్ఆర్ జవాబు చెప్పలేరు. ముందు వరసలో ఉన్నవాళ్లకి ఆఫర్ ఇచ్చి, వాళ్లు ఒప్పుకునేదాకా తర్వాతి వాళ్లని ఆపి ఉంచుతారు. ఒక్కోసారి పై నుంచి బడ్జెట్ అనుమతి రాదు. ఈ రెండూ బయటికి చెప్పే మాటలు కావు, అందుకే మౌనం. అదే ‘ఫలానా తేదీలోపు తేలుతుందా?’ అని అడిగితే, అవుననో కాదనో ఒక్క లైన్లో చెప్పడం వాళ్లకి తేలిక.

ఇంటర్వ్యూకి పిలిచిన పాత మెయిల్ తెరిచి, దానికే రిప్లై కొట్టండి. మీ పేరు, పోస్టు, పాత సంభాషణ అన్నీ అక్కడే ఉంటాయి, ఆవిడ వెతుక్కోనక్కర్లేదు. ఈ భావం వచ్చేలా ఇంగ్లీషులో రాయండి:

‘నమస్తే మేడమ్. జూనియర్ టెస్టర్ పోస్టుకి జులై 3న ఫైనల్ రౌండ్‌కి హాజరయ్యాను. ఈ ఉద్యోగంలో చేరాలని నాకు ఇప్పటికీ ఉంది. వేరే ఆఫర్‌కి ఆగస్టు 5లోగా జవాబివ్వాల్సి ఉంది. ఆలోపు మీ నిర్ణయం తెలిసే వీలుందా?’

కింద పేరు, ఫోన్ నంబరు. అంతే. విజయవాడ కంపెనీ పేరు, జీతం రాయొద్దు. ఆ ఆఫర్ నిజంగా ఉంది కాబట్టే ఆ వాక్యం పెట్టమంటున్నాను. లేనివాళ్లు ఉన్నట్టు రాస్తే, ‘సరే, అందులో చేరండి’ అనే జవాబు రావచ్చు. ఇంటర్వ్యూ చేసిన మేనేజర్‌ని కాపీలో పెట్టొద్దు. హెచ్ఆర్ మేడమ్ మీద పితూరీ చేసినట్టవుతుంది.

రేపు ఉదయం పది తర్వాత పంపండి. ‘సెలవులో ఉన్నాను’ అని ఆటోమేటిక్ జవాబు వస్తే, అందులో ఇచ్చిన ఇంకొకరి చిరునామాకి అదే మెయిల్ పంపొచ్చు. ఆగస్టు 3 దాకా ఏమీ రాకపోతే ఆఫీసు వేళల్లో ఒక్కసారి ఫోన్ చేయండి. ఎత్తకపోతే మళ్లీ మళ్లీ చేయొద్దు. ఈలోగా విజయవాడ వాళ్లని ఇంకో మూడు రోజులు గడువు అడిగి చూడండి. ఇస్తే సరే, ఇవ్వకపోతే 5వ తేదీన వాళ్ల ఆఫర్‌కే ఒప్పుకోండి.