"అదే నా లవ్ లాంగ్వేజ్" అంటే ఇంటి పనంతా నేనే చేయాలా?

ప్రశ్న: మేం వైజాగ్‌లో ఉంటాం, ఇద్దరం ఉద్యోగస్తులం. ఆన్‌లైన్‌లో లవ్ లాంగ్వేజెస్ టెస్ట్ చేస్తే మా ఆయనకి "యాక్ట్స్ ఆఫ్ సర్వీస్" అని, నాకు "క్వాలిటీ టైమ్" అని వచ్చింది. అప్పట్నుంచి వంట, బట్టలు, అత్తగారి మందులు, ఏది వచ్చినా "నువ్వు చేస్తేనే నాకు ప్రేమ అనిపిస్తుంది, అదే నా లాంగ్వేజ్" అంటున్నారు. ఇది నిజంగా సైన్సా? ఇద్దరికీ న్యాయంగా ఉండేలా దీన్ని ఎలా వాడుకోవాలి?

జవాబు:

సైన్స్ అనేంత బలం దానికి లేదు. ఇద్దరి మధ్య మాట మొదలవడానికి పనికొస్తుంది, అంతవరకే. ఇంటి పని ఎవరు చేయాలో తేల్చే అధికారం మాత్రం ఆ టెస్టుకి లేదు. మా ఆయనకి షిఫ్ట్ డ్యూటీలు, నాది స్కూల్లో టీచర్ ఉద్యోగం, మాతోపాటు మామగారు, ఒక బాబు. గాజువాకలో మా ఇంట్లోనూ ఈ టెస్టు గురించి చాలా గట్టిగానే వాదించుకున్నాం. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ప్రేమని చూపించే తీరుల్ని ఐదు "లాంగ్వేజ్"లుగా విడదీసి, వాటిలో మనకి ఏది ముఖ్యమో చెబుతానంటుంది ఆ టెస్టు. చేసిపెట్టే పనులు, అంటే సేవ, ఒకటి, కలిసి గడిపే సమయం ఒకటి. ముందు అది ఎలా లెక్క కడుతుందో చూడండి. ఎక్కువమంది చేసే పాత రకం టెస్టులో 30 ప్రశ్నలు ఉంటాయి. ప్రతి ప్రశ్నలో రెండు వాక్యాలిచ్చి, ఒకటి ఎంచుకోమంటారు. ఒక్కో లాంగ్వేజ్‌కి ఎక్కువలో ఎక్కువ 12 వస్తాయి, ఐదూ కలిపితే ఎప్పుడూ 30. అంటే ఒకటి పెరగాలంటే మరొకటి తగ్గి తీరాలి. ఆ అంకెలు మీ కోరికల వరుసను చెబుతాయి తప్ప ఏది ఎంత కావాలో చెప్పవు. ఐదూ గాఢంగా కావాలనుకునే మనిషికీ, ఏదీ పెద్దగా పట్టని మనిషికీ ఒకే స్కోరు రావచ్చు. మీ ఆయనకి "సేవ" పైన వచ్చిందంటే మీతో గడిపే సమయం అక్కర్లేదని కాదు. మీకు "సమయం" వచ్చిందంటే మీకు సాయం అక్కర్లేదనీ కాదు. మీరు అడగాల్సిన మొదటి మాట అదే. ఆయన ఆఫీసు నుంచి అలసిపోయి వస్తే ఒకరు చేసిపెట్టడం ఎంత హాయిగా ఉంటుందో, మీకూ అంతే హాయిగా ఉంటుంది. ఆ హాయి ఒక్కరి లాంగ్వేజ్ ఎలా అవుతుంది?

ఈ ఐదు భాగాల ఆలోచన గ్యారీ చాప్‌మన్ అనే అమెరికన్ పాస్టర్‌ది. తన దగ్గరికి కౌన్సెలింగ్‌కి వచ్చిన జంటలు చెప్పుకున్నవాటిని నోట్స్‌లోంచి తీసి, గుంపులుగా చేసి, 1992లో పుస్తకం వేశారు. మంచి మాటలు, కలిసి గడిపే సమయం, బహుమతులు, చేసిపెట్టే పనులు, స్పర్శ. ప్రతి మనిషికీ వీటిలో ఒకటి ముఖ్యమైనది ఉంటుందని, భాగస్వామి ఆ భాషలో ప్రేమ చూపిస్తే కాపురం బాగుంటుందని ఆయన చెప్పారు. 2024లో ఎమిలీ ఇంపెట్, హేయంగ్ గిడియన్ పార్క్, ఏమీ మ్యూజ్ అనే పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ చూసి, ఈ మాటలకి గట్టి ఆధారం లేదన్నారు. రెండిట్లో ఒకటి ఎంచుకోమనకుండా దేనికదే మార్కు వేయమంటే, జనం ఐదింటికీ ఎక్కువే వేస్తున్నారు. భాష కలిసిన జంటలు మిగతావాళ్లకంటే సంతోషంగా ఉన్నారా అన్నదానికి ఫలితాలు కలగాపులగంగా ఉన్నాయి. 2022లో పోలండ్‌లో 100 జంటల మీద చేసిన అధ్యయనం అవునంటే, అంతకుముందు 2017లో 67 జంటల మీద చేసినదాంట్లో పెద్ద తేడా కనబడలేదు. ప్రేమని ఒక భాషగా కాక సమతుల ఆహారంగా చూడమని ఆ ముగ్గురూ అన్నారు. నాకు అది సరిగ్గా తోచింది. ఎంత ఇష్టమైనా రోజూ పప్పన్నమే పెడితే ఎవరి ఒంటికీ చాలదు.

ఇక మీ అసలు సమస్య. మీ ఆయన రెండు వేర్వేరు విషయాల్ని ఒకే పేరుతో పిలుస్తున్నారు. ఇల్లు నడవడానికి ఎవరో ఒకరు చేసి తీరాల్సిన పని ఒకటి. ఎదుటి మనిషి కోసం ఇష్టంగా అదనంగా చేసే పని ఇంకొకటి. ఇద్దరూ తినే అన్నం వండడం, ఇద్దరూ వేసుకునే బట్టలు ఉతకడం, పాలప్యాకెట్, కరెంటు బిల్లు, అత్తగారి బీపీ మాత్రలు మొదటి రకం. వాటిని సగం సగం పంచుకున్నాక, రేపు ఆయనకి పొద్దున్నే మీటింగ్ ఉందని మీరు రాత్రే చొక్కా ఇస్త్రీ చేసి పెడితే అది రెండో రకం. మొదటిదాన్ని ప్రేమ అని పేరు పెట్టి అడిగితే, చేయలేకపోయిన రోజున "నీకు ప్రేమ లేదు" అనే నింద వచ్చి పడుతుంది. అలసిపోయిన మనిషి మీద వేయకూడని నింద అది. ఇంకో సంగతి, చేసిపెట్టే పనుల గురించి తన పుస్తకంలో రాసిన అధ్యాయంలోనే చాప్‌మన్, దీన్ని కోరాలి తప్ప డిమాండ్ చేయకూడదని, ఎవరూ ఎవరి కాళ్ల కిందా పడి ఉండక్కర్లేదని, భార్య పని, భర్త పని అనే పాత లెక్కల్ని మళ్లీ చూసుకోవాలని రాశారు. మీ ఆయనకి ఆ అధ్యాయం చదివి వినిపించండి.

మా ఇంట్లో ఏం చేశామంటే, టెస్టు పక్కన పెట్టి, ఒక ఆదివారం కాగితం మీద ఇంటి పనులన్నీ రాశాం. చేతులతో చేసేవే కాదు, గుర్తుపెట్టుకునేవి కూడా. గ్యాస్ ఎప్పుడు అయిపోతుందో చూసుకోవడం, బాబు స్కూల్ ఫీజు గడువు, మామగారి మాత్రలు ఇంకా ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడం, చుట్టాలింట్లో శుభకార్యానికి ఏం పెట్టాలో ఆలోచించడం. రాసేసరికి ఒక సంగతి కళ్లకి కట్టింది. మా ఆయన చాలా పనులు చేస్తున్నారు, కానీ వాటిని గుర్తుచేసేది మాత్రం నేనే. మందులు ఆయనే తెస్తారు, అయిపోయాయని నేను చెప్పాలి. అందుకని పనిని మొదట్నుంచి చివరిదాకా ఒకరికే ఇచ్చాం. మామగారి మందులంటే స్ట్రిప్ చూసుకోవడం, మెడికల్ షాపుకి వెళ్లడం, డాక్టర్ దగ్గరికి మళ్లీ ఎప్పుడు తీసుకెళ్లాలో చూడటం, అన్నీ ఆయనవే. వంట నాది, పొద్దున టిఫిన్, బాబు క్యారేజీ ఆయన పగటి డ్యూటీ లేని వారాల్లో ఆయనవి. పని నిజంగా చేతులు మారిందో లేదో తెలుసుకోవడం తేలికే: రెండో మనిషి గుర్తుచేయకుండా అది జరిగిపోతోందా? జరగకపోతే పని ఇంకా పాత మనిషి తల మీదే ఉన్నట్టు.

ఆ పంపకం కుదిరాకే ప్రేమ సంగతికి వచ్చాం. ఐదింటికీ ఇద్దరం విడివిడిగా 0 నుంచి 5 వరకు రెండేసి అంకెలు వేసుకున్నాం. ఈ వారం నాకు ఎంత కావాలి, ఎంత అందింది. మొదటిసారి నాకు కలిసి గడిపే సమయం 4 కావాలి, అందింది 1. మంచి మాటలు 5 కావాలి, అందింది 3. ఆయనకి పనుల్లో సాయం 5 కావాలి, అందింది 5. స్పర్శ 4 కావాలి, అందింది 2. పాత పద్ధతిలో చూస్తే నా భాష మాటలు, ఆయన భాష పనులు. కానీ నాకు ఎక్కువ కొరత ఉన్నది సమయంలో, ఆయనకి స్పర్శలో. ఆయనకి నేను ఇంకో పని చేసిపెట్టి ఉంటే నా ఓపిక పోయేదే తప్ప ఆయన లోటు తీరేది కాదు. అందుకే పైన వచ్చినదాన్ని వదిలేసి, తేడా ఎక్కువున్నదాన్ని పట్టుకోమంటాను.

అడిగేది కూడా చెయ్యగలిగేంత స్పష్టంగా ఉండాలి. "నాకు టైమ్ ఇవ్వండి" అంటే ఆయన నా పక్కన కూర్చుని ఫోన్ చూసేవారు, ఆయన దృష్టిలో అది టైమే. "ఆదివారం సాయంత్రం అప్పికొండ బీచ్‌కి వెళ్దాం, ఫోన్లు బండి డిక్కీలో పెట్టేద్దాం" అన్నాక జరిగింది. వారానికి వారం అంకెలు మారతాయి. నైట్ షిఫ్ట్ వారం ఆయనకి కబుర్లు వద్దు, పగలు బాబు గోల లేకుండా నిద్ర కావాలి. పరీక్ష పేపర్లు దిద్దే రోజుల్లో నాకు బీచ్ వద్దు, ఇంట్లో ఎవరైనా వంట చూసుకుంటే చాలు. "నా లాంగ్వేజ్ ఇదీ" అని ఒకసారి ముద్ర వేసుకుంటే ఇవేవీ కనబడవు.

స్పర్శ విషయంలో ఒక్క మాట. ఏ అంకె వేసినా అది అవతలి మనిషి శరీరం మీద హక్కు అవదు. "నా లాంగ్వేజ్ ఇది, నువ్వు ఒప్పుకోవాలి" అనే మాట వచ్చిన చోట ఈ కాగితం చింపేయండి. అలాగే కొట్టడం, భయపెట్టడం, జీతం లాక్కోవడం, పుట్టింటికి ఫోన్ చేయనివ్వకపోవడం లాంటివి ఉన్న ఇంట్లో ఈ పద్ధతి అసలు వాడకూడదు. అక్కడ ఇంకాస్త సేవ చేస్తే మారతారనుకోవడం ప్రమాదం. ఆ పరిస్థితిలో ఉన్న ఆడవాళ్లు 181 మహిళా హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయొచ్చు. మీ ప్రశ్నలో అలాంటిదేమీ కనబడలేదు, కానీ ఇది చదివేవాళ్లలో ఎవరికైనా అవసరం కావచ్చని రాశాను.

ఐదు భాషల్లో అసలు లేని విషయాలూ ఉన్నాయి. భాగస్వామి సొంత లక్ష్యాలకి అండగా ఉండటం, గొడవని సరిగ్గా తేల్చుకోవడం లాంటివి ఇందులో రావని పై పరిశోధకులు కూడా అన్నారు. నేను పెళ్లయ్యాక బీఈడీ చేస్తానంటే "ఇప్పుడెందుకమ్మా చదువు" అని అటు వాళ్లూ ఇటు వాళ్లూ అన్నారు. మా ఆయన అందరి ముందూ "తను చదువుకుంటుంది, బాబుని నేను చూసుకుంటాను" అన్నారు. ఆయన నాకు చూపించిన ప్రేమలో నేను అన్నిటికంటే పైన పెట్టుకునేది అదే. టెస్టులో దానికి గడి లేదు. మీ కాగితం మీద ఆరో వరస ఖాళీగా ఉంచి, అందులో ఇద్దరూ మీకు తోచింది రాసుకోండి.

మీ ఆయనతో మొదలుపెట్టేటప్పుడు టెస్టు తప్పని వాదించకండి, మొండికేస్తారు. "మీకు పనుల్లో సాయం ముఖ్యమని అర్థమైంది. ఇంటికి కావాల్సినవి ముందు ఇద్దరం పంచుకుందాం, ఆ పైన మీకోసం వారానికి ఒకటి నేను ఇష్టంగా చేస్తాను, అదేంటో మీరే చెప్పండి. నాకోసం ఆదివారం సాయంత్రం మీరు ఉంచండి" అనండి. కొన్ని వారాలు చూడండి. ఆయన తన వంతు మీరు గుర్తుచేయకుండా చేస్తుంటే ఈ దారి మీకు పనిచేస్తున్నట్టే. పంపకం అనగానే ప్రతిసారీ మాట దాటేసి, సేవ మాత్రం అడుగుతుంటే మాత్రం అక్కడ అడ్డుపడుతున్నది భాషల తేడా కాదు. అప్పుడు ఈ టెస్టులన్నీ వదిలేసి, ఇద్దరి మాటా వినే ఫ్యామిలీ కౌన్సెలర్ దగ్గరికి వెళ్లండి. అత్తగారి ముందో, మీ అమ్మగారి ముందో పంచాయితీ పెట్టకండి. వాళ్లు ఎంత మంచివాళ్లైనా ఒకరి పక్షమే ఉంటారు.