ఏర్పాటు వేరు, రిజర్వు వేరు

ప్రశ్న: రిజర్వుకూ ప్రొవిజన్‌కూ, మూలధన రిజర్వుకూ రాబడి రిజర్వుకూ తేడా ఏమిటి?

బేగంబజారులోని ఒక టోకు వ్యాపార కంపెనీకి ఖాతాదారుల నుంచి 2,00,000 రూపాయలు రావలసి ఉండి, అందులో 5 శాతం వసూలు కాదని అంచనా వేస్తే, ఆ 10,000 రానిబాకీల ఏర్పాటు, అంటే ప్రొవిజన్. లాభనష్టాల ఖాతాలో ఖర్చుగా రాస్తారు కనుక నష్టం వచ్చిన ఏడాదీ అది తప్పదు. ఖర్చులన్నీ పోగా తేలిన లాభంలోంచి పక్కన పెట్టేది రిజర్వు.

మామూలు వ్యాపార లాభం నుంచి తీసినది రాబడి రిజర్వు, మూలధన లాభం నుంచి తీసినది మూలధన రిజర్వు. అదే కంపెనీ 10 లక్షలకు కొని, తరుగుదల పోను పుస్తకాల్లో 6 లక్షలుగా ఉన్న గోదామును 11.5 లక్షలకు అమ్మితే, విద్యార్థులు తరచుగా 5.5 లక్షల లాభాన్నంతా మూలధన రిజర్వుకు మళ్లిస్తారు. నిజానికి కొన్న ధరను మించిన 1.5 లక్షలే మూలధన లాభం, మిగతా 4 లక్షలు గతంలో రాసిన తరుగుదల తిరిగి రావడమే కనుక రాబడి లాభం. మూలధన రిజర్వు నుంచి సాధారణంగా డివిడెండ్ పంచరు.