ముందు కత్తెర, తర్వాత పేర్లు

"మా స్కూల్ ఆర్ట్ క్లబ్‌లో ఒకే గజిబిజి పోస్టర్‌తో అలైన్‌మెంట్, రిపిటీషన్, కాంట్రాస్ట్, ప్రాక్సిమిటీ అనే డిజైన్ సూత్రాలు ఎలా చెప్పాలి?"

ప్రాక్సిమిటీతో, అంటే సంబంధం ఉన్నవాటిని దగ్గరదగ్గర పెట్టడంతో మొదలుపెట్టండి, మిగతావి సులువవుతాయి. సైన్స్ ఫెయిర్ పోస్టర్‌లో తేదీ పైమూల, టైం అడుగున, వేదిక బొమ్మ పక్కన ఉన్నాయనుకోండి. ప్రింటును ముక్కలుగా కత్తిరించి, ఆ మూడింటినీ పిల్లల చేతే ఒకచోట పెట్టించండి. తర్వాత స్కేలు ఆనించి, ముక్కల ఎడమ అంచులన్నీ ఒకే గీతకు తెప్పించండి. అదే అలైన్‌మెంట్.

కాంట్రాస్ట్ దగ్గర కాస్త ఆగండి. హెడ్డింగ్ 28 పాయింట్లు, కింది అక్షరాలు 24 అయితే తేడా పొరపాటున వచ్చినట్టుంటుంది. హెడ్డింగ్‌ను 72 చేసి గోడకు అంటించండి. కళ్లు సగం మూసి చూసినా ముందు అదే కనబడాలి. రిపిటీషన్‌కు ఎక్కువ టైం అక్కర్లేదు: హెడ్డింగ్ రంగునే తేదీకీ వాడించండి.