హార్డ్‌లీ, నెవర్, నాట్ ఓన్లీ: ముందుకు వచ్చేది ఒక్క సహాయక క్రియే

ప్రశ్న: మేడమ్, నేను తిరుపతిలో డిగ్రీ చివరి ఏడాది చదువుతున్నాను. ఇంగ్లిష్ టీచింగ్ వైపు వెళ్లాలని కేంబ్రిడ్జ్ సీ1 అడ్వాన్స్‌డ్ పరీక్షకు ప్రిపేర్ అవుతున్నాను. వాక్యాన్ని మార్చి రాసే ప్రశ్నల్లో నెవర్, హార్డ్‌లీ, నాట్ ఓన్లీ వస్తే సగం తప్పులే. రూల్ చదివితే అర్థమవుతుంది, రాసేటప్పుడు టెన్షన్. ఎలా ప్రాక్టీస్ చేయాలి? దీనికి ఎంత టైం పెట్టాలి?

జవాబు: ముందు టైం సంగతి. రీడింగ్ అండ్ యూజ్ ఆఫ్ ఇంగ్లిష్ పేపర్ 90 నిమిషాలది. అందులో నాలుగో భాగంలో ఇలాంటి ప్రశ్నలు 6 ఉంటాయి, ఒక్కోదానికి 2 మార్కుల వరకు వస్తాయి. ఆ ఆరింటిలో ఇన్వర్షన్, అంటే సహాయక క్రియ కర్తను దాటి ముందుకు రావడం, తప్పకుండా వస్తుందని గ్యారంటీ లేదు, ఒక్కటీ రాకపోవచ్చు. అందుకని నెల రోజులు దీని మీదే కూర్చోవద్దు. రోజుకు అరగంట చొప్పున వారం చాలు. అయితే ఆ వారంలో రూల్‌ని మళ్లీ మళ్లీ చదవడం ఆపి, ఖాళీకి ముందూ వెనకా ఏం అచ్చయిందో చూడటం నేర్చుకోండి. మీ సమస్య అక్కడే ఉందని నా అభిప్రాయం.

ఒక ప్రశ్న తీసుకుని నెమ్మదిగా చేద్దాం.

```
As soon as the bus left Tirupati, it started raining.
HARDLY
_______ Tirupati when it started raining.
```

ఇచ్చిన మాటను మార్చకూడదు, దానితో కలిపి 3 నుంచి 6 మాటల్లో ఖాళీ నింపాలి. ఇక్కడ ఖాళీ వాక్యం మొదట్లోనే ఉంది. అంటే హార్డ్‌లీతో మొదలుపెట్టమని ప్రశ్నే చెబుతోంది. తర్వాత ఖాళీకి అవతల చూడండి. వెన్ ముందే అచ్చయి ఉంది, కాబట్టి దాన్ని మీరు మళ్లీ రాయక్కర్లేదు. ఇక బస్సు, బయల్దేరడం, ఈ రెండే మిగిలాయి.

చాలామంది తడబడేది తర్వాతి అడుగులో. అసలు వాక్యంలో ఉన్నది సాధారణ భూతకాలం, లెఫ్ట్. యాజ్ సూన్ యాజ్‌కి అది సరిపోతుంది. హార్డ్‌లీ వాక్యంలో మాత్రం రెండు పనుల్లో ఏది ముందు జరిగిందో కాలంతోనే చూపిస్తారు. ముందు జరిగిన పనికి పాస్ట్ పర్ఫెక్ట్, వెన్ తర్వాత వచ్చే పనికి మామూలు పాస్ట్. కాబట్టి లెఫ్ట్ కాస్తా హ్యాడ్ లెఫ్ట్ అవుతుంది. అప్పుడు అందులోంచి హ్యాడ్ ఒక్కటే కర్తను దాటి ముందుకు వస్తుంది.

```
Hardly had the bus left
```

మొత్తం 5 మాటలు, లెక్క సరిపోయింది. హ్యాడ్ కదిలింది కానీ లెఫ్ట్ ఉన్న చోటే ఉందని గమనించండి. ‘హార్డ్‌లీ ద బస్ హ్యాడ్ లెఫ్ట్’ అని రాస్తే కాలం సరైనదే కానీ క్రమం తప్పు. ‘హార్డ్‌లీ డిడ్ ద బస్ లెఫ్ట్’ అని రాస్తే క్రమం సరైనదే కానీ కాలం తప్పు, డిడ్ తర్వాత లెఫ్ట్ రావడమూ తప్పే. మీ పాత ప్రాక్టీస్ పేపర్లు తీసి, మీ తప్పులు ఈ రెండింటిలో ఏ రకమో విడదీయండి. మొదటి రకమైతే క్రమం మీద పని చేయాలి. రెండో రకమైతే సమస్య ఇన్వర్షన్‌లో లేదు, కాలాల్లో ఉంది. అప్పుడు ముందు పాస్ట్ పర్ఫెక్ట్ సరిచేసుకోవాలి.

నెవర్ దీనికంటే తేలిక. ‘ఐ హావ్ నెవర్ సీన్ సచ్ ఎ క్యూ’ అనే వాక్యాన్ని నెవర్‌తో మొదలుపెడితే ‘నెవర్ హావ్ ఐ సీన్ సచ్ ఎ క్యూ’ అవుతుంది. సహాయక క్రియలు రెండు మూడు ఉన్నా ముందుకు జరిగేది మొదటిదే. ‘ద ఘాట్ రోడ్ షుడ్ నెవర్ హావ్ బీన్ క్లోజ్డ్’ అనే వాక్యం ‘నెవర్ షుడ్ ద ఘాట్ రోడ్ హావ్ బీన్ క్లోజ్డ్’ అవుతుంది. షుడ్ ఒక్కటే ముందుకు వచ్చింది, హావ్ బీన్ వెనకే ఉండిపోయాయి.

ఇక్కడ ఒక వల ఉంది. ఖాళీకి ముందు ఐ, షీ, ద టీచర్ వంటి కర్త అచ్చయి ఉంటే, ఇచ్చిన మాట నెవర్ అయినా సరే, ఆ వాక్యంలో ఇన్వర్షన్ ఉండదు. కర్త ముందే వచ్చేశాక ఇక తిరగబడటానికి చోటు లేదు. ఈ టాపిక్ బాగా ప్రాక్టీస్ చేసినవాళ్లే నెవర్ కనపడగానే తిప్పేసి మార్కు పోగొట్టుకుంటారు.

ఇక నాట్ ఓన్లీ. దీనికే ఎక్కువ రోజులు ఇవ్వమంటాను, ఎందుకంటే ఇందులో రెండు వాక్య భాగాలుంటాయి, తిరగబడేది మొదటిది మాత్రమే. చిత్తూరులో ఉండే ఒకామె గురించి అనుకుందాం:

```
She speaks Tamil well and she teaches it too.
ONLY
Not _______ Tamil well, but she also teaches it.
```

జవాబు ‘ఓన్లీ డజ్ షీ స్పీక్’, 4 మాటలు. అసలు వాక్యంలో సహాయక క్రియ లేదు కాబట్టి డజ్‌ని తెచ్చుకున్నాం. కాలం, వచనం రెండూ డజ్ మోస్తోంది, అందుకే స్పీక్స్ చివర ఉన్న ఎస్ పోయింది. ‘డజ్ షీ స్పీక్స్’ అని రాయడం మనవాళ్లలో చాలా మామూలు తప్పు. బట్ తర్వాతి భాగం మాత్రం మామూలు క్రమంలోనే నడుస్తుంది, ‘షీ ఆల్సో టీచెస్ ఇట్’. అక్కడ కూడా డజ్ పెట్టకండి. క్రియ ఈజ్ లేదా వాజ్ అయితే డజ్, డిడ్‌ల అవసరమే లేదు, అదే ముందుకు వస్తుంది: ‘నాట్ ఓన్లీ వాజ్ ద రోడ్ స్టీప్, బట్ ఇట్ వాజ్ ఆల్సో వెట్’.

నాట్ ఓన్లీ నేరుగా కర్తకే అతుక్కుంటే అసలు తిరగబడదు. ‘నాట్ ఓన్లీ ద స్టూడెంట్స్ బట్ ఆల్సో ద టీచర్ వాజ్ లేట్’ అనే వాక్యంలో ఆలస్యం విద్యార్థులదే కాదు, టీచర్‌ది కూడా అని చెబుతున్నాం. ఇక్కడ నాట్ ఓన్లీ తర్వాత ఉన్నది పూర్తి వాక్య భాగం కాదు, మనుషులు మాత్రమే. వాజ్ అని ఏకవచనం రావడానికి కారణం దగ్గరున్న కర్త టీచర్ కావడం.

రాశాక సరిచూసుకోవడానికి ఒక దారి ఉంది. ముందున్న హార్డ్‌లీ, నెవర్, నాట్ ఓన్లీని వేలితో మూసేసి, వెన్ లేదా బట్ వచ్చేదాకా మిగిలిన భాగాన్ని ప్రశ్నలా చదవండి. ‘హ్యాడ్ ద బస్ లెఫ్ట్ తిరుపతి?’ సరైన ప్రశ్నే. ‘డజ్ షీ స్పీక్ తమిళ్ వెల్?’ ఇదీ సరే. ‘డజ్ షీ స్పీక్స్’ అన్నప్పుడు తప్పు మీ చెవికే తెలుస్తుంది. అయితే జవాబులో ప్రశ్నార్థకం పెట్టకూడదు. ఈ దారి క్రమాన్నే పట్టుకుంటుంది, కాలం తప్పును పట్టుకోదు, కాబట్టి హార్డ్‌లీ దగ్గర హ్యాడ్ ఉందో లేదో విడిగా చూసుకోండి.

మీ స్నేహితులు బ్యాంకు, ఎస్‌ఎస్‌సీ పరీక్షలకు చదువుతుంటే వాళ్లతో కలిసి ప్రాక్టీస్ చేయొచ్చు. తప్పు పట్టుకునే ప్రశ్నల్లో వాళ్లకూ ఇదే రూల్ అవసరం. ముఖ్యంగా హార్డ్‌లీకి జోడీ వెన్, నో సూనర్‌కి జోడీ దాన్, ఈ రెంటినీ తారుమారు చేసిన వాక్యాలు ఆ పుస్తకాల్లో బోలెడు దొరుకుతాయి.

టీచింగ్ అన్నారు కాబట్టి ఇంకొక్క మాట. ఇవన్నీ రాతలో, ఉపన్యాసంలో వినిపించే వాక్యాలు. రోజూ మాట్లాడే ఇంగ్లిష్‌లో ‘ద బస్ హ్యాడ్ జస్ట్ లెఫ్ట్’ అనే అంటారు. పరీక్షలో రాసే వ్యాసంలో ఇలాంటి వాక్యం ఒకటి పడితే బాగుంటుంది. పేరాకొకటి పెడితే భాష కృతకంగా మారుతుంది. రేపు మీ క్లాసులో పిల్లలకు చెప్పేటప్పుడు కూడా ముందు మామూలు వాక్యం రాయించి, ఆ తర్వాతే తిప్పించండి.