గాజు గోళంలో ఇంద్రధనుస్సు: 42 రావాల్సిన చోట 50 ఎందుకొస్తోంది?

ప్రశ్న: మా పాప 8వ తరగతి. సైన్స్ డే రోజు ఇంద్రధనుస్సు ఎలా ఏర్పడుతుందో నీళ్లు నింపిన గాజు గోళంతో చూపిస్తూ ఐదు నిమిషాలు మాట్లాడాలి. వైజాగ్‌లో ఉంటాం. మేడ మీది గదిలో 500 మి.లీ. రౌండ్ బాటమ్ ఫ్లాస్కుతో చేసి చూశాం. ఎండ వచ్చే వైపు 20 సెం.మీ. దూరంలో, మధ్యలో రంధ్రం చేసి పెట్టిన అట్ట మీద రంగుల వలయం వచ్చింది కానీ కోణం లెక్కేస్తే ఇంద్రధనుస్సుకి చెప్పే 42 డిగ్రీలు రావట్లేదు, 50 వస్తోంది. అది రెండో ఇంద్రధనుస్సా? అసలు ఏం చెప్పిస్తే బాగుంటుంది?

జవాబు:

రెండోది కాదండి, మొదటిదే. వలయంలో ఎరుపు ఏ వైపు ఉందో చూడండి. బయటి అంచున ఎరుపు, లోపలి అంచున ఊదా ఉంటే మొదటి ఇంద్రధనుస్సు. రెండోదానిలో ఈ వరస తిరగబడుతుంది, పైగా అది ఇంకా మసకగా ఉంటుంది. దాని కోణం కూడా 50 దాటే ఉంటుంది కాబట్టి మీకు అనుమానం రావడంలో వింతేమీ లేదు. సైన్స్ డేలకి పిల్లలతో ఈ ప్రయోగం చాలాసార్లు చేయించాను. కొలతలు తీసుకున్న ప్రతి జట్టూ ఈ 50 దగ్గరే ఆగుతుంది.

మీ కొలత సరైనదే. తేడా లెక్కలో ఉంది. వలయం వ్యాసార్ధాన్ని అట్ట దూరంతో భాగించి కోణం తీశారంటే, కాంతి ఫ్లాస్కు నడిమధ్య నుంచి బయల్దేరిందని అనుకున్నట్టు. అది మధ్య నుంచి రాదు. పై అంచు దగ్గర లోపలికి దూరిన కిరణం వెనక గోడకి తగిలి, కింది అంచు దగ్గర బయటికొచ్చి, అక్కడి నుంచి 42 డిగ్రీల వాలులో కిందికి పోతుంది. అంటే మొదలయ్యేటప్పటికే మధ్య గీత నుంచి ఫ్లాస్కు వ్యాసార్ధం కంటే కొంచెం ఎక్కువే పక్కకి జరిగి ఉంటుంది. మీ ఫ్లాస్కు అడ్డంగా సుమారు 10 సెం.మీ. అనుకుంటే ఈ జరుగుడు దాదాపు 6 సెం.మీ. అట్ట 20 సెం.మీ. దూరంలో ఉంటే 42 డిగ్రీల వాలు వల్ల వచ్చేది 18. రెండూ కలిపితే 24. 24ని 20తో భాగించి కోణం చూస్తే 50 డిగ్రీలు, మీకొచ్చిన లెక్క సరిగ్గా అదే. ఆకాశంలో ఈ గొడవ లేదు. చినుకు మిల్లీమీటరు, మనకీ దానికీ దూరం కిలోమీటర్లు. అందుకే ఆ జరుగుడు లెక్కలోకే రాదు.

దీనికి సూత్రాలేవీ అక్కర్లేకుండా చక్కటి ఉపాయం ఉంది. రెండు దూరాల్లో కొలవండి. దూరాలు మాత్రం ఫ్లాస్కు ముందు గోడ నుంచి కాకుండా దాని నడిమధ్య నుంచి తీసుకోవాలి. అట్ట 20 సెం.మీ.లో ఉన్నప్పుడు ఎరుపు అంచు వ్యాసార్ధం 24 వచ్చిందనుకుందాం. దాన్ని 30కి జరిపితే 33 వస్తుంది. అట్ట 10 జరిగితే వలయం 9 పెరిగింది. 9ని 10తో భాగిస్తే 0.9, టాంజెంట్ 0.9 అయ్యే కోణం 42 డిగ్రీలు. పక్కకి జరిగిన ఆ 6 సెం.మీ. రెండు కొలతల్లోనూ ఉంది కనుక తీసివేతలో పోతుంది. 8వ తరగతి వాళ్లకి త్రికోణమితి ఇంకా రాదు కదా, పాప గ్రాఫ్ కాగితం మీద 10కి 9 వాలు గీసి కోణమానినితో కొలిచి చూపిస్తే చాలు. నా మటుకు నేనైతే ప్రసంగమంతా ఈ కొలత చుట్టూనే తిప్పుతాను. ఏడు రంగుల పేర్లు వల్లించడం కంటే ఇది వెయ్యి రెట్లు నయం.

తర్వాత ఎవరైనా అడగాల్సిన ప్రశ్న, అసలు 42 ఎందుకు అని. ఫ్లాస్కు మీద అన్ని చోట్లా ఎండ పడుతోంది కదా, కిరణాలు అన్ని వైపులకీ చెదిరిపోవాలి. చెదురుతాయి కూడా. సరిగ్గా నడిమధ్య తగిలిన కిరణం వచ్చిన దారినే వెనక్కి పోతుంది, దానికి కోణం సున్నా. మధ్యకీ అంచుకీ సగం దూరంలో తగిలినది 28 డిగ్రీలకి మళ్లుతుంది. 0.7 వంతు దగ్గర 38, 0.8 దగ్గర 41, 0.86 దగ్గర 42. ఇంకా అంచుకి వెళ్తే పెరగాలి కదా? పెరగదు. 0.9 దగ్గర 41న్నర, 0.95 దగ్గర మళ్లీ 38కి దిగిపోతుంది. పైకి విసిరిన బంతి శిఖరం దగ్గర కాస్సేపు నిలిచినట్టుండి దిగుతుందే, ఈ కోణం కూడా 42 దగ్గర అలాగే తారట్లాడుతుంది. అందుకే ఫ్లాస్కు మీద చాలా వెడల్పు మేర తగిలిన కాంతి అంతా ఆ ఒక్క కోణం దగ్గరే పోగుపడుతుంది. దాన్ని మించిన కోణంలోకి ఒక్కసారి పరావర్తనం చెందిన కాంతి పోనే పోదు. వలయం లోపలంతా తెల్లటి వెలుగు పరుచుకుని, బయట చీకటిగా ఉండటానికి కారణం ఇదే. పాప ఆ తేడాని వేలితో చూపించాలి.

ఈ పోగుపడే కోణం రంగు రంగుకీ కొంచెం మారుతుంది. నీళ్లలో ఊదా కాంతి ఎరుపు కంటే కాస్త ఎక్కువ వంగుతుంది. ఎరుపుకి 42 కంటే కొద్దిగా ఎక్కువ, ఊదాకి 40న్నర. ఆ రెండు డిగ్రీల లోపు తేడాలోనే మనం చూసే రంగుల పట్టీ అంతా ఉంది.

ఇక్కడ పిల్లలకి ఒక పెద్ద తికమక వస్తుంది. ఒక్క ఫ్లాస్కు మొత్తం వలయాన్ని ఇస్తోంది కాబట్టి, ఒక్కో చినుకులో ఒక్కో బుల్లి ఇంద్రధనుస్సు ఉందనుకుంటారు. దీన్ని విడదీయాలంటే అట్ట పక్కకి తీసేసి, ఎరుపు పడిన చోటికి కొంచెం బయట ఒకరిని ఒక కన్ను మూసుకుని నిలబడమనాలి. తల మెల్లగా కాంతి వచ్చే దారి వైపు జరుపుతుంటే, ఫ్లాస్కులో తమ వైపు అంచు దగ్గర ముందు ఏమీ కనిపించదు. తర్వాత ఎర్రటి చుక్క మెరుస్తుంది, పసుపు అవుతుంది, ఆకుపచ్చ, నీలం అవుతుంది. ఒక క్షణంలో కంటికి ఒక్క రంగే అందుతుంది. ఆకాశంలో తల కదల్చక్కర్లేదు, చినుకులే వేర్వేరు ఎత్తుల్లో ఉంటాయి. పైనున్న చినుకులు ఎరుపు పంపితే, వాటి కిందివి పసుపు, ఇంకా కిందివి ఊదా పంపుతాయి. 1637లో అచ్చయిన పుస్తకంలో డెకార్ట్ రాసినదీ ఇలాంటి ప్రయోగమే, నీళ్లు నింపిన పెద్ద గాజు కూజాతో. ఆయనకీ ఎరుపు 42 డిగ్రీల దగ్గరే కనిపించింది. అంతకి మూడు వందల ఏళ్లకి పైగా ముందే పర్షియాలో కమాల్ అల్ దీన్ అల్ ఫారిసీ, జర్మనీలో థియొడొరిక్ నీళ్ల గోళాన్ని పెద్ద చినుకుగా భావించి పరీక్షించారు. పాప ఒక్క వాక్యంలో ఈ పేర్లు చెబితే చాలు. విశాఖ పేరు కూడా కలపాలనుకుంటే, సైన్స్ డేకి కారణమైన రామన్ స్కూలు చదువు ఇక్కడే సాగింది, ఆయన తండ్రి ఏ.వి.ఎన్. కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవారు.

ఇక ఏర్పాట్లు. ఎండని అద్దంతో గదిలోకి మళ్లించండి. ఫిబ్రవరి చివర ఉదయం 9 గంటలకి మన ఊళ్లో సూర్యుడు 37 డిగ్రీల ఎత్తులో ఉంటాడు, కిటికీ లోంచి నేరుగా అడ్డంగా రాడు. అట్టకి మధ్యలో ఫ్లాస్కు అంత వెడల్పున్న రంధ్రం ఉండాలి. రంధ్రం చిన్నదైతే కాంతి మధ్యలోనే పడుతుంది. 0.86 వంతు దగ్గరికి చేరనే చేరదు కాబట్టి వలయమే రాదు. "మాకు ఏమీ రాలేదు సార్" అన్నవాళ్లలో ఎక్కువమంది చేసింది ఇదే. మామూలు చార్టు 56 బై 71 సెం.మీ. ఉంటుంది. దాన్ని అడ్డంగా పెట్టి పక్కలకి కొలిస్తే 33 కూడా పడుతుంది. వలయం పైభాగం కాస్త తెగి ఉంటే కంగారు పడొద్దు, ఆ కాంతి బయటికి రావాల్సిన చోట ఫ్లాస్కు మెడ ఉంది. నీళ్లు మెడ దాకా నింపండి. కాచి చల్లార్చిన నీళ్లయితే గోడలకి బుడగలు అంటుకోవు. అద్దం దగ్గర ఒక స్నేహితురాలిని కూర్చోబెట్టాలి. సూర్యుడు నాలుగు నిమిషాలకి ఒక డిగ్రీ కదులుతాడు, మూడు మీటర్ల దూరంలో అది 5 సెం.మీ. మాట పూర్తయ్యేలోపు వెలుగు సగం ఫ్లాస్కు దాటిపోతుంది. ఎండ లేదని టార్చి వాడితే కిరణాలు విచ్చుకుంటాయి. మీటరు దూరం నుంచి వేస్తే కోణం రెండు మూడు డిగ్రీలు ఎక్కువ వస్తుంది, కాబట్టి గది ఆ చివర నుంచి వేయాలి.

ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి. నీళ్ల గోళం భూతద్దం కూడా. 10 సెం.మీ. ఫ్లాస్కు వెనక గోడకి దాదాపు 5 సెం.మీ. అవతల ఎండ ఒక చుక్కగా కూడుకుంటుంది. నల్ల గుడ్డ కట్టారంటే పొగ వస్తుంది. అక్కడ ఇటుక నిలబెట్టండి, వెనక నుంచి ఎవరూ ఫ్లాస్కులోకి చూడకూడదు, ఎండలో ఫ్లాస్కుని వదిలేసి టిఫినుకి పోకూడదు.

జడ్జీలు అడిగే అవకాశమున్న ప్రశ్న ఒకటుంది. చినుకు లోపల జరిగేది సంపూర్ణాంతర పరావర్తనమా? చాలా గైడుల్లో అలాగే రాసి ఉంటుంది, కానీ కాదు. నీటికి సందిగ్ధ కోణం, అంటే ఆ పరావర్తనం మొదలయ్యే హద్దు, 48న్నర డిగ్రీలు. ఇంద్రధనుస్సునిచ్చే కిరణం వెనక గోడకి 40 డిగ్రీల దగ్గరే తగులుతుంది. నిజానికి గోళంలోకి బయటి నుంచి దూరిన ఏ కిరణమూ లోపల ఆ సందిగ్ధ కోణాన్ని దాటలేదు. నూటికి ఆరు వంతుల కాంతి మాత్రమే వెనక్కి మళ్లుతుంది, మిగతాదంతా వెనక నుంచి బయటికి పోయి ఆ ఇటుకని వేడెక్కిస్తుంది. గదిని చీకటి చేసుకోవాల్సింది కూడా అందుకే.

సాయంత్రం వాన పడి పడమట ఎండ కాస్తే, ఆర్కే బీచ్‌లో సముద్రం వైపు తిరిగి నిలబడితే ఇదే 42ని బయట కూడా కొలవొచ్చు. సూర్యుడి ఎత్తు 20 డిగ్రీలుంటే ఇంద్రధనుస్సు శిఖరం సముద్రం అంచుకి 22 డిగ్రీల పైన ఉంటుంది, చాచిన చేతి పిడికిళ్లు రెండు పేర్చినంత. సూర్యుడు 42 దాటి పైకెక్కితే నేల మీద నుంచి ఆకాశంలో ఏమీ కనిపించదు. ఫ్లాస్కు దొరక్క ఎవరైనా గట్టి గాజు గుండు తెస్తానంటే తేనివ్వండి. గాజు ఎక్కువ వంచుతుంది కాబట్టి దానికి వలయం 23 డిగ్రీల దగ్గరే వస్తుంది. రెండూ పక్కపక్కన పెట్టి కొలిచి చూపించొచ్చు.